ఉలి తగలని చెక్కడం

మిత్రుడొకరు తన కథల సంపుటికి ముందుమాట రాయమని అడిగారు. పాతికేళ్ల స్నేహం. కాదనడానికి వీల్లేదు, కాదనాలనీ లేదు. కథలు నిజంగానే బాగున్నాయి. ప్రూఫులతో పాటు ముఖచిత్రం కూడా పంపించారు. చెరువుగట్టు, రెండు తాటిచెట్లు, లాంతరు పట్టుకుని చీకట్లో నడిచివస్తున్న ఒక ముసలమ్మ. నలుపు, జేగురు, రెండే రంగులు. మొదటి చూపుకు బాగానే ఉందనిపించింది. రెండో పుట తిప్పితే ముద్రణ వివరాల కింద "ముఖచిత్రం: లినోకట్" అని ఉంది. చిత్రకారుడి పేరు లేదు. ఎవరు చెక్కారండీ అని ఫోనులో అడిగాను.

"ఎవరూ చెక్కలేదండీ, నేనే ప్రాంప్టు రాశాను" అన్నారు, కాస్త గర్వంగా.

ఈ టపా ఆ జవాబు మీద నా పేచీ. బొమ్మలు తయారుచేసే యంత్రాలను ఎవరూ వాడకూడదని నేను అనను. చిన్న పుస్తకం వేసుకునేవాడి చేతిలో చిత్రకారుడికి ఇవ్వడానికి డబ్బు ఉండదని నాకు తెలుసు, నా పుస్తకాలూ అలా వచ్చినవే. నా అభ్యంతరం వేరు. మిత్రుడు యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ ఇదీ (అడగ్గానే దాపరికం లేకుండా పంపించారు, అది ఆయన మంచితనం):

```
linocut or woodcut print style, carved texture,
two ink colours, strong contrast,
old woman with lantern, palm trees, lake, night
```

ఈ మూడు వరుసల్లో మొదటి రెండూ ఒక కళ గురించినవి. ఆ రెండు వరుసల్లో ఉన్న నాలుగు మాటల్లో ఒక్కదానికైనా ఆ కళలో ఉన్న అర్థం మిత్రుడికి తెలియదు. తెలియకపోయినా బొమ్మ వచ్చింది. అదే ప్రమాదం. పద్యం రాయడం రానివాడు గణాలు కుదరక ఎక్కడో ఆగిపోతాడు, తనకు రాదని తెలుసుకుంటాడు. ఇక్కడ ఆగే చోటు లేదు.

మొదటి మాట చూడండి: లినోకట్ గాని, వుడ్‌కట్ గాని. ఇడ్లీ గాని, వడ గాని అన్నట్టు. రెండూ ఉబ్బెత్తు అచ్చులే, నిజమే. దిమ్మ మీద అక్కర్లేనిచోట ఉలితో తవ్వి తీసేస్తారు. మిగిలిన ఎత్తుకు రోలరుతో సిరా పట్టించి, కాగితం పరిచి అద్దుతారు. అయితే చెక్కకు ఈనె ఉంటుంది. ఈనె వెంట ఉలి జారుతుంది; ఈనెకు అడ్డంగా వంపు తిప్పితే పెచ్చు లేస్తుంది. అందుకే పాత వుడ్‌కట్లలో వంపులు కాస్త విరిగినట్టు, మొండిగా ఉంటాయి. విశాలమైన నల్లటి భాగాల్లో చెక్క ఈనె తానే అచ్చయి కనిపిస్తుంది. లినోలియం అలా కాదు. 1863లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ పేటెంటు పొందిన నేలపరుపు అది. అవిసెనూనెను గట్టిపరచి, బెండుపొడి కలిపి, గోనె మీద పరిచిన సరుకు. దానికి ఈనె అంటూ లేదు. ఉలి ఎటు తిప్పితే అటు వెళుతుంది. అందుకే లినోకట్లో గీత వెన్నలో వేలు పెట్టినట్టు సాఫీగా పారుతుంది, నల్లటి భాగం చదునుగా ఉంటుంది. ఈ రెంటినీ "గాని" అని కలిపి అడిగితే యంత్రం ఏం చేస్తుంది? రెండూ ఇస్తుంది. మిత్రుడి బొమ్మలో ముసలమ్మ చీర మడతలు లినోలియం మీద చెక్కినంత నునుపుగా వంపు తిరిగాయి, వెనక ఆకాశంలో మాత్రం టేకు ఈనెలు నిలువునా దిగాయి. ఒకే దిమ్మ సగం నేలపరుపు, సగం చెట్టు అన్నమాట.

రెండో మాట, చెక్కిన గరుకు. నా కోపమంతా ఎక్కువగా ఈ మాట మీదే కనుక కొంచెం నిదానంగా చెప్పనివ్వండి.

అచ్చుబొమ్మలో గరుకును ఎవరూ పెట్టరు. అది మిగిలిపోతుంది. ఒక తెల్లటి ఆకాశం కావాలనుకోండి. దిమ్మ మీద ఆకాశం ఉన్న మేరంతా నోరు వెడల్పు గుండ్రటి ఉలితో తవ్వి తీసేయాలి. ఎంత తవ్వినా రెండు గాళ్ల మధ్య ఒక సన్నటి గట్టు మిగులుతుంది, దున్నిన చేలో చాళ్ల మధ్య మిగిలినట్టే. రోలరు ఆ పక్కగా దొర్లినప్పుడు ఎత్తుగా ఉన్న గట్ల కొసలకు కాస్త సిరా అంటుకుంటుంది. కాగితం మీద అవి తెగిన గీతల్లా, చిన్న చిన్న నలుసుల్లా పడతాయి. కావాలంటే ఇంకా లోతుగా తవ్వి వాటిని పోగొట్టవచ్చు, లేదా బాగున్నాయని ఉంచుకోవచ్చు. ఉంచుకునేవాళ్లు చెయ్యి ఎటు నడిపించాలో ముందే ఆలోచించుకుంటారు. మనిషి చుట్టూ తవ్వేటప్పుడు ఆ మనిషి అంచు వెంట తవ్వుతారు. దీపం చుట్టూ అయితే దీపం నుంచి బయటికి. ఈ లెక్కన ఆ నలుసులు తెల్లటి భాగంలోనే ఉంటాయి, ఉలి వెళ్లిన దిక్కునే ఉంటాయి. నల్లటి భాగంలో ఉండవు. నల్లగా ఉన్నదంటేనే అక్కడ ఉలి తగల్లేదని అర్థం.

నల్లటి భాగంలోనూ గరుకు కనిపించవచ్చు, కాని దాని కారణం వేరు. సిరా తక్కువైనా, అదుము చాలకపోయినా, కాగితం ముతకదైనా నలుపు మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు పడతాయి. చెక్క అయితే ఈనె కనిపిస్తుందని చెప్పాను కదా. అంటే మొత్తం మూడు గరుకులు: ఉలి విడిచిన గట్లు, దిమ్మ సొంత ఈనె, సిరా చాలని చుక్కలు. వీటిలో చెక్కడం వల్ల వచ్చేది మొదటిదొక్కటే. తక్కిన రెండూ ఉలి తగలని చోటే కనిపిస్తాయి.

మిత్రుడి బొమ్మను తెర మీద నాలుగింతలు పెంచి చూశాను. ఉలి గాట్లని చెప్పదగిన సన్నటి గీతలు ఆకాశంలో మొదలై, తాటిచెట్టు మొదలు మీదుగా, ముసలమ్మ చెంప మీదుగా, లాంతరు గాజు మీదుగా ఒకే ఏటవాలులో, ఒకే ఎడంతో వెళ్లిపోయాయి. బొమ్మ పూర్తయ్యాక పైన దోమతెర కప్పినట్టుంది. చెక్కేవాడు అలా చెక్కలేడు. ఉలి చెంప దాటి ఆకాశంలోకి వెళితే చెంప తెగుతుంది! ఇంకొకటి: నిజమైన గాటుకు మొదలూ చివరా ఉంటాయి. ఉలి పైపైన దిగి, లోతుకు వెళ్లి, మళ్లీ తేలుతుంది. కనుక వి ఆకారపు నోరున్న ఉలి గీసిన గీత సన్నగా పుట్టి, నడుమ లావై, సన్నగా ముగుస్తుంది. మిత్రుడి బొమ్మలోని గాట్లకు మొదలూ చివరా లావూ ఒకటే. అవి గాట్లు కావు, గాట్ల వేషం.

నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినోకట్ మీలో చాలామంది చూసే ఉంటారు, ఉప్పు సత్యాగ్రహం నాటిది. కర్ర పట్టుకుని నడిచే మనిషి. నల్లటి నేల మీద తెల్లటి గీతల్లో. ఆ బొమ్మలో ఒక్క గరుకు కూడా అలంకారం కోసం లేదు. ఉలి తగిలిన ప్రతిచోటా ఒక ఎముకో, ఒక మడతో, ఒక అడుగో ఉంది. తక్కినదంతా ఆయన ముట్టుకోలేదు. లినోకట్ అంటే ఏది ముట్టుకోకూడదో తెలియడం అని నాకు ఆ బొమ్మ చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక రెండు సిరాలు. ఇక్కడ మిత్రుడికి సౌందర్యం కంటే ముందు డబ్బు సమస్య వచ్చింది. ఆయన ముఖచిత్రం రెండు రంగుల్లోనే వేయించాలనుకున్నారు. నాలుగు ప్లేట్లు కాక రెండే ప్లేట్లు, ఖర్చు తక్కువ. ప్రెస్సులో బొమ్మ తెరిచి చూసిన కుర్రవాడు, ఇది రెండు రంగులు కాదు సార్, నాలుగు రంగుల బొమ్మే, రెండు ప్లేట్లకు విడదీస్తే బురదవుతుంది అన్నాడట. మిత్రుడు వాడికేం తెలుసన్నారు. వాడికే తెలుసు. బొమ్మను నేను ఇమేజ్‌మాజిక్‌లో పెట్టి, ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టమన్నాను:

```
magick identify -format "%k" mukhachitram.png
```

లక్ష దాటింది. ఇక్కడ నేను న్యాయంగా ఉండాలి. నిజమైన లినోకట్‌ను స్కానరులో పెట్టి లెక్కించినా వేలల్లోనే వస్తాయి. కాగితం పోగులు, సిరా మందం, స్కానరు దీపం, అన్నీ లెక్కలోకి వస్తాయి. కనుక ఆ అంకెను పట్టుకుని ఎవరినీ దొంగ అనకూడదు. అసలు పరీక్ష ఇది. బొమ్మను మూడే మూడు చదును రంగులకు దించాలి, కాగితానికి ఒకటి, సిరాలకు రెండు:

```
magick mukhachitram.png +dither -colors 3 pariksha.png
```

నిజంగా రెండు సిరాలతో అచ్చు వేసిన బొమ్మ దీన్ని తట్టుకుంటుంది. కాస్త మొరటవుతుంది, అంతే. చెయ్యి చెయ్యిగా, చెట్టు చెట్టుగా ఉంటాయి. మిత్రుడి బొమ్మ తట్టుకోలేదు. లాంతరు చుట్టూ ఉన్న కాంతి, పసుపు నుంచి జేగురులోకి, జేగురు నుంచి నలుపులోకి మెల్లగా కరిగినది కాస్తా, మరకలు మరకలుగా విరిగింది. ముసలమ్మ ముఖంలో సగం ఆకాశంలో కలిసిపోయింది. ఆ బొమ్మకు కాంతి అంతా ఛాయల్లోనే ఉంది, ఆకారాల్లో లేదు. ఉబ్బెత్తు అచ్చుకు ఛాయలు లేవు. దిమ్మ మీద ఏ చుక్కకైనా సిరా అంటుతుంది, లేదా అంటదు. మధ్యరకం లేదు.

మరి రెండు సిరాలతో కాంతిని ఎలా చూపుతారు? ఐదు వందల ఏళ్ల కిందటే జవాబు దొరికింది. 1508 ప్రాంతంలో జర్మనీలో బుర్గ్‌క్‌మైర్, క్రానాఖ్ అనే చిత్రకారులు రెండు దిమ్మలతో వుడ్‌కట్లు వేశారు. ఒక దిమ్మ గీతలకు, నలుపు. రెండోది నేపథ్యపు రంగుకు, బొమ్మంతా పరుచుకునే నడిమి ఛాయ. కిటుకు ఆ రెండో దిమ్మలోనే ఉంది. వెలుగు పడేచోట దాన్ని తవ్వేశారు. అక్కడ రెండు సిరాలూ పడవు, కాగితం బయటపడుతుంది, అదే వెలుగు. అంటే రెండు సిరాలు కొంటే మూడు మెట్లు వస్తాయి, మూడోది కాగితం ఇచ్చేది. మన పెడన అద్దకంవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. గీతకొక అచ్చు, నింపే రంగుకొక అచ్చు వేరుగా చెక్కి, గుడ్డను గుడ్డగానే వదిలేయాల్సిన చోటు ముందే లెక్కవేసుకుంటారు.

రెండు దిమ్మలు చెక్కే ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, పికాసో 1950ల చివర్లో దక్షిణ ఫ్రాన్సులో ముద్రకుడు అర్నేరాతో కలిసి నడిచినది. ఒకే లినోలియం ముక్క. మొదట వెలుగు మిగలాల్సిన చోటు తవ్వి, లేతరంగు అద్దాలి. ఎన్ని ప్రతులు కావాలో అన్నీ అప్పుడే అద్దుకోవాలి. తరువాత అదే ముక్కలో లేతరంగుగా ఉండిపోవాల్సిన చోట్లు కూడా తవ్వేసి, మిగిలినదానికి ముదురు రంగు పట్టించి, అవే ప్రతుల మీద మళ్లీ అద్దాలి. పని అయ్యేసరికి దిమ్మ మిగలదు. ఇంకొక ప్రతి కావాలన్నా రాదు. ప్రతి మూలన పెన్సిలుతో ఇన్నింటిలో ఇన్నోది అని వేసే అంకెకు ఆ పనిలో ఉన్న బరువు అదీ.

ఆ అంకె ఎందుకు చెబుతున్నానంటే, మిత్రుడి బొమ్మ కింద కుడి మూలన పెన్సిలుతో రాసినట్టు ఒక గిలుకు ఉంది. సంతకంలా ఉంది, చదివితే ఏ భాషా కాదు. ఎడమ మూలన ఒక గీటు, దానికి అటూ ఇటూ అంకెల్లాంటివి. దిమ్మ లేదు, ప్రతులు లేవు, చెక్కిన చెయ్యి లేదు. సంతకం మాత్రం ఉంది. యంత్రం తప్పు కాదది. లినోకట్లను ఫొటోలు తీసిపెట్టినప్పుడు మూలన సంతకాలు ఉంటాయి కనుక అదీ బొమ్మలో భాగమనుకుంది. దాన్ని అలాగే ప్రెస్సుకు పంపింది మనిషి.

సరే, తిట్టడం తేలిక. ఒక ఆదివారం మధ్యాహ్నం మిత్రుడి ఇంటికే వెళ్లి, కంప్యూటరు తెరవకుండా, పెన్సిలు కాగితం పట్టుకుని కూర్చున్నాం. బొమ్మలో ఉన్న ఒక్కొక్క వస్తువునూ మూడు గడుల్లో ఏదో ఒకదానిలో వేయాలని నియమం: నలుపు, జేగురు, కాగితం. మిత్రుడు వెంటనే, రాత్రి కదండీ, ఆకాశం నలుపు అన్నారు. వేశాం. తాటిచెట్లు? అవీ నలుపే. నలుపు మీద నలుపు, చెట్లు మాయమయ్యాయి. అయితే చెట్లు జేగురు అన్నారు. గట్టు? జేగురు. చెట్టు మొదలు గట్టులో కలిసిపోయింది. గంటసేపు ఇలాగే నడిచింది. చివరికి తేలిందేమంటే, ఆకాశమే జేగురు కావాలి. రాత్రి ఆకాశం నల్లగా ఉండి తీరాలన్నది మన అలవాటే గాని బొమ్మ అవసరం కాదు. ఆకాశం జేగురైతే చెట్లూ గట్టూ నలుపై నిలబడ్డాయి. చెరువు నీరు జేగురులోనే, గట్టు నీడ దగ్గర నల్లటి అడ్డగీతలతో. ముసలమ్మ చీర కాగితం, మడతలు మాత్రం నల్లటి గీతలు. ముఖం లాంతరు వైపు కాగితం, అవతలి వైపు నలుపు, నడుమ ఏ ఛాయా లేదు. లాంతరు కాగితం, దాని చుట్టూ జేగురును కిరణాల దిక్కుగా తవ్వినట్టు వలయం. గరుకు ఉండేది ఆ వలయంలో ఒక్కచోటే.

ఇది తేలాక బలమైన కాంట్రాస్టు అన్న మాట దానంతట అదే రాలిపోయింది. చీర చుట్టూ నలుపూ జేగురూ నిలిచాక ఇంకా బలం ఎవరిని అడగాలి? ముందరి ప్రాంప్టులో ఆ మాట పాత టీవీలో మీట తిప్పినట్టు పనిచేసింది; ఉన్న ఛాయల్ని ఇంకా చీకటి చేసిందే తప్ప వాటిని తొలగించలేదు.

అప్పుడు మిత్రుడు కొత్త ప్రాంప్టు రాశారు, నేను చెప్పింది కాదు, ఆయన గడుల కాగితం చూసుకుంటూ రాసుకున్నదే:

```
linocut, two flat inks, black and red ochre, on bare cream paper
sky and water: solid ochre. palm trees and bank: solid black
sari, lantern, lit side of the face: bare paper
sari folds: few black lines. far side of the face: solid black
gouge marks only in a ring around the lantern, running outward
```

మొదటిసారి ఆకాశంలో మళ్లీ ఈనెలు వచ్చాయి. రెండోసారి జేగురు కింది నుంచి పైకి పలచబడింది. ఛాయలు వద్దని రాస్తే ఒక్కోసారి అవే వస్తాయి, వద్దన్న మాటలోనూ ఆ వస్తువు పేరు ఉంది కదా. కనుక వద్దు అనే కంటే ఏది ఎలా ఉండాలో చెప్పడమే నయమని అనుభవంలో తేలింది. ఐదో బొమ్మ దారికొచ్చింది. దాన్ని మూడు రంగులకు దించితే ముసలమ్మ ముఖం ముఖంగానే నిలిచింది, లాంతరు వెలిగింది. అంచుల్లో అక్కడక్కడా మిగిలిన పొక్కుల్ని మిత్రుడి అమ్మాయి రెండు గంటలు కూర్చుని చేత్తో సరిచేసింది. ఆ రెండు గంటలే ఆ బొమ్మలో ఎవరైనా చెక్కారని చెప్పదగిన భాగం. తరువాత రెండు ప్లేట్లకు విడదీయడానికి ప్రెస్సు కుర్రవాడికి పావుగంట కూడా పట్టలేదు.

నాకు ఎదురుగా వచ్చే మాట తెలుసు. మిత్రుడే అన్నారు: "చూసేవాడికి కావలసింది ఆ అనుభూతి అండీ, మీ ఉలి దిక్కులెవరు లెక్కపెడతారు?" ఎవరూ లెక్కపెట్టరు, నిజమే. అయినా ఆయనకు ఆ అనుభూతి ఎక్కడిది? పేదవాళ్ల కథలు అనగానే లినోకట్ ఎందుకు గుర్తొచ్చింది? చిత్తప్రసాద్ వంటివాళ్లు పనిచేసే పిల్లల్నీ రైతుల్నీ లినోలియం మీద చెక్కారు గనుక. ఆ సరుకు చౌక, పెద్ద యంత్రం అక్కర్లేదు, గరిటె వీపుతో రుద్దినా అచ్చు పడుతుంది. ఆ చౌకతనంలోంచి, తప్పు పడితే దిద్దుకోలేని పనిలోంచి ఆ నల్లటి గంభీరత వచ్చింది. మనం ఆ గంభీరతను అప్పు తెచ్చుకుంటున్నాం. అప్పు తెచ్చుకోవచ్చు, ఎవరిదో చెప్పి తెచ్చుకోవాలి.

యూనికోడు రాకముందు రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కొన్ని సైట్లలో తెలుగును బొమ్మలుగా పెట్టేవారు. కంటికి తెలుగే. ఒక వాక్యం కాపీ చేయబోతే చేతికేమీ వచ్చేది కాదు, వెతికితే దొరికేది కాదు. అప్పుడు మనమంతా ఏమన్నాం? ఇది తెలుగు కాదు, తెలుగు ఫొటో అన్నాం. చూసేవాడికి చదవడానికి వస్తోంది కదా అన్నవాళ్లతో ఎన్ని వాదాలు చేశామో! ఆ వాదాలు చేసినవాళ్లలో ఈ మిత్రుడూ ఒకరు. ఆ సంగతి గుర్తుచేస్తే నవ్వి ఊరుకున్నారు.

సంతకం గిలుకును ఆయన మాట్లాడకుండా తీసేశారు. ముఖచిత్రం మారింది, ఖర్చు రెండు ప్లేట్లలోనే తేలింది. తగాదా ఇప్పుడు రెండో పుటలోని ఒక్క మాట దగ్గర ఆగింది. "లినోకట్" తీసేసి "లినోకట్ తరహాలో యంత్రం సాయంతో" అని రాసి, అంచులు దిద్దిన అమ్మాయి పేరు కింద వేయమంటాను. అంత పొడుగు మాట పుటలో బాగుండదంటారు ఆయన. పాఠకుడు కథలకు ముందే యంత్రం అన్న మాట చదివితే మనసు విరుగుతుందని కూడా అన్నారు. అది నిజమే కావచ్చు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ముందుమాట రాయడం పూర్తయింది, మూడు పుటలు వచ్చింది. రెండో పుట ప్రూఫు చూశాక పంపుతానని చెప్పాను.